కిటికీ పక్షం

లియోనా బార్టెల్‌కి పాఠం చెప్పే ఉద్యోగం లేదు. పాఠం ప్రొఫెసర్ చెప్తాడు, పెద్ద హాల్లో, మైకు పెట్టుకుని. ఆ తర్వాత పిల్లల్ని చిన్న గుంపులుగా విడగొట్టి, ఆ వారం చదవాల్సిన అధ్యాయం మీద మాట్లాడించే ట్యుటోరియల్ గంట ఆవిడది. కెనడాలో విన్నిపెగ్‌లోని ఆ యూనివర్సిటీలో జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టింది, నెరిశాక కూడా అదే పని. టర్ము టర్ముకీ కాంట్రాక్టు కొత్తగా రాస్తారు, టర్ము టర్ముకీ ఆవిడ గుండె ఒకసారి జారుతుంది.

కానీ ఒక విషయంలో మాత్రం ఆవిడకి గర్వం ఉండేది. ప్రశ్నలు. అధ్యాయాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి పెన్సిలు పట్టుకుని, "అవును, కాదు" అని తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్నలు తయారుచేసేది. నోరు విప్పని వాళ్ళ చేత కూడా మాట్లాడించేది. చివరి ప్రశ్న ఎప్పుడూ వాదనే. కిటికీ వైపు బల్లల వాళ్ళు ఒక పక్షం, గుమ్మం వైపు వాళ్ళు ఇంకో పక్షం. నీకు ఇష్టమున్నా లేకపోయినా నీ బల్లకి వచ్చిన పక్షాన్నే వాదించాలి. అది ఆవిడ పద్ధతి. ఆ డిపార్టుమెంటులో దాన్ని మార్చమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఈ ఏడాది మూడు కోర్సులు నెత్తిన పడ్డాయి. స్టైన్‌బాక్‌లో ఉన్న తల్లి తుంటి విరగ్గొట్టుకుంది. వారాంతాలన్నీ ఆ దారిలోనే కరిగిపోయాయి. ఆవిడ ఆఫీసు గదిలోనే కూర్చునే గోర్డ్ ఫాల్క్ ఓరోజు తన థర్మాస్‌లోంచి కాఫీ వంచుతూ అన్నాడు.

"ఇంకా పెన్సిలు చెక్కుతూనే ఉన్నావా తల్లీ! ఆ ఫైలు ఏఐలో పడెయ్. నువ్వు కోటు విప్పేలోగా ప్రశ్నలు వచ్చేస్తాయి."

"వస్తాయిలే. ఎవరి బుర్రలోంచి?"

"నీ బుర్రకి ఈ మధ్య ఖాళీ ఎక్కడుందమ్మా?"

నిజమే, ఖాళీ లేదు. రెండు వారాలు భయంభయంగా వాడి చూసింది. అడగడం తెలిసిన మనిషి కాబట్టి బాగానే అడిగింది: రెండో ఏడాది విద్యార్థులు, గంటకి కాస్త తక్కువ సమయం, తేలికవాటితో మొదలై కష్టమైనవాటికి పోవాలి, ప్రతి ప్రశ్న పక్కనా పేజీ నంబరు ఉండాలి, చివర ఒక వాదన. వచ్చిన వాటిని అధ్యాయంతో పోల్చి, రెండు కొట్టేసి, ఒకటి దిద్ది వాడుకుంది. క్లాసు బాగా నడిచింది. అక్కడే వచ్చింది చిక్కు. బాగా నడిచిందన్న ధైర్యం వచ్చాక మనిషి పోల్చి చూడటం మానేస్తుంది. లియోనా మానేసింది.

తొమ్మిదో వారం అధ్యాయం ఉత్తరాన ఎప్పుడో కట్టిన ఆనకట్ట గురించి. మూతపడిపోయిన ఒక కరెంటు కంపెనీ, ఆ ఆనకట్ట నీళ్ళలో మునిగిన గ్రేజే పాయింట్ అనే క్రీ తెగ ఆదివాసుల ఊరు. ఆ అధ్యాయం లియోనా ఎప్పుడో చదివింది. చదివానన్న సంగతి గుర్తుంది గానీ, ఏం చదివిందో మాత్రం గుర్తులేదు.

ఈ వారం గురించి సెప్టెంబరులోనే ఒకావిడ ఆమెతో మాట్లాడింది. వెర్నా లింక్‌లేటర్. కొడుకులు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ చదువుకొచ్చిన మనిషి. ఎప్పుడూ కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చుంటుంది, తలదాకా కప్పే పార్కా కోటు విప్పి కుర్చీకి జాగ్రత్తగా తగిలిస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. మొదటి క్లాసయ్యాక వరండాలో లియోనాని ఆపింది.

"నేను ఈ కోర్సు తీసుకున్నదే ఆ తొమ్మిదో వారం అధ్యాయం కోసమండీ."

"ఓ, మంచిది, మంచిది," అంది లియోనా, తాళాలు వెతుక్కుంటూ. వెర్నా ఇంకాసేపు నిలబడింది. లియోనాకి తాళాలు దొరికాయి. వెళ్ళిపోయింది.

ఆ వారం రానే వచ్చింది. క్లాసు రోజు ఉదయం కోర్సు సైటులోంచి ఫైలు దించి, ఏఐకి ఎక్కించి, ఎప్పటిలాగే అడిగింది. సమాధానం రావడం మొదలైంది. అంతలో స్టైన్‌బాక్ నుంచి నర్సు ఫోను: అమ్మ మందులు మింగనంటోంది. భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపట్టి, ఇంకో చేత్తో తెరని కిందికి జరిపి, ప్రశ్నలు మొదలైన చోటు నుంచి కాపీ చేసి స్లయిడులో పెట్టేసుకుంది. పైన ఏదో ఒక పేరా ఉంది. ఎప్పుడూ ఉండేదే కదా, "మీరడిగిన ప్రశ్నలివిగో" అని మర్యాద మాటలు, అనుకుంది.

క్లాసు మొదలైంది. ఆనకట్ట వల్ల ఎన్ని పట్టణాలకి వెలుగొచ్చింది, ఇంజనీర్లు ఏ లెక్కలు చూపించారు, పరిహారం ఎలా నిర్ణయించారు. ప్రశ్నలు నున్నగా ఉన్నాయి, పిల్లలు నున్నగా జవాబులు చెప్పారు. చివరికి వాదన: ఇన్ని లాభాల దృష్ట్యా ఆ కుటుంబాలని తరలించడం సమంజసమేనా?

"కిటికీ వైపు వాళ్ళు, సమంజసమే అనాలి. గుమ్మం వైపు వాళ్ళు, కాదనాలి. మొదలుపెట్టండి!"

గుమ్మం వైపు వాళ్ళు తడబడ్డారు. కాదనడానికి చేతిలో సరుకేమీ లేదు. టైలర్ అనే కుర్రాడు "పాపం కదా" అని ఊరుకున్నాడు. కిటికీ వైపు నుంచి ఎవరూ లేవలేదు. అప్పుడు వెర్నా లేచింది.

"మీకు కొత్త ఇళ్ళు కట్టిస్తాం," అంది నెమ్మదిగా. "పాతవాటి కంటే పెద్దవి. కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. పిల్లలకి బడి దగ్గరవుతుంది. చేపలు ఎక్కడికీ పోవు, చెరువు పెద్దదైతే చేపలూ పెద్దవవుతాయి. సమాధుల సంగతి మేం చూసుకుంటాం. మీరు వద్దన్నా నీళ్ళు ఆగవు, అవునంటే మాత్రం అందరికీ మర్యాదగా ఉంటుంది. ఇక్కడ సంతకం పెట్టండి."

 లియోనా మొహం వెలిగిపోయింది. నోరు విప్పని మనిషి విప్పింది, అదీ ఇంత గొప్పగా! "చూశారా! ఒప్పుకోని పక్షాన్ని కూడా లోపల్నించి వాదించడమంటే ఇదీ!" అని చప్పట్లు కొట్టింది. అవును, చప్పట్లు. నేను సాకులు చెప్పి ఆవిణ్ణి కాపాడలేను.

వెర్నా కూర్చోలేదు.

"మిగతా సగం ఎప్పుడు మాట్లాడతామండీ?"

"ఏ మిగతా సగం?"

"అధ్యాయంలో మిగతా సగం. ఊరివాళ్ళు చెప్పింది."

లియోనా చేతిలో ఉన్న ప్రశ్నల కాగితం తిరగేసింది. వెనక ఏమీ లేదు.

"ఆ పేజీలు నల్లగా ఉన్నాయి, మేం చదవలేకపోయాం," అన్నాడు టైలర్. ఒకరిద్దరు తలూపారు.

వెర్నా సంచీలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆ అధ్యాయమున్న అసలు పుస్తకమే, బాగా నలిగింది. "ఇందులో బాగానే కనిపిస్తాయి. మా అమ్మ ఉంది అందులో. ఆగస్టులో పోయింది." పార్కా తొడుక్కుంది. "నేను చెప్పినవి ఆ కంపెనీ మనిషి మా వంటింట్లో కూర్చుని చెప్పిన మాటలు. నాకప్పుడు ఆరేళ్ళు. బల్ల కింద ఉన్నాను." పుస్తకం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

తన గదిలోకి వచ్చి లియోనా కంప్యూటరు తెరిచింది. పొద్దుటి సమాధానాన్ని పైకి జరిపింది. మర్యాద మాటలు కావవి. "ఈ ఫైలులో మొదటి సగం మాత్రమే చదవగలిగాను. మిగతా పేజీలు అడ్డంగా, నల్లగా పడిన ఫోటోలు, అక్షరాలు తెలియడం లేదు. కింది ప్రశ్నలు మొదటి సగం మీదే ఆధారపడినవి. అందులో కంపెనీ వాదనే ఉంది. ఊరివాళ్ళ మాటలు, రచయిత్రి అభిప్రాయం మిగతా పేజీల్లో ఉండొచ్చు. అవి చూడకుండా చివరి వాదన పెట్టకపోవడం మంచిది. స్పష్టమైన కాపీ ఇస్తే ప్రశ్నలు మళ్ళీ తయారుచేస్తాను."

గోర్డ్ భుజం మీంచి చదివాడు. మంచివాడే, ఆ రోజు జోకు వెయ్యలేదు.

"నీ తప్పేముంది? ఫైలు పెట్టింది ఆఫీసువాళ్ళు."

"ఏఐ చెప్పింది, గోర్డ్. తనకేం కనపడలేదో చెప్పింది. నాకేం కనపడలేదో నేను ఎవరికీ చెప్పలేదు, పైగా చప్పట్లు కొట్టాను."

వెర్నాకి ఈమెయిలు రాసింది. మూడు మాటలు క్షమాపణ, మిగతాదంతా సంజాయిషీ. సంజాయిషీ తుడిచేసి పంపింది. జవాబు రాలేదు. కోర్సు వదులుకోవడానికి ఆఖరు తేదీ ఆ శుక్రవారమే. మనిషి వదిలేసిందా, ఉందా? పేర్ల జాబితా తెరవాలంటే చెయ్యి రాలేదు. తల్లి మంచం పక్కన కూర్చుని ఆ పుస్తకంలో రెండో సగం చదివింది. మర్నాడు మళ్ళీ చదివింది. మూడోసారి పెన్సిలు పట్టుకుంది. 

తర్వాతి వారం ప్రొఫెసరు చెప్పిన అధ్యాయాన్ని పక్కన పెట్టింది. పుస్తకంలోంచి పేజీలు తానే స్కాన్ చేసి, ఒక్కొక్కటీ కళ్ళతో చూసుకుని, అందరికీ ముందే పంపింది. వెర్నా రాలేదు. కిటికీ పక్క కుర్చీ ఖాళీ. లియోనా నిలబడే చెప్పింది.

"పోయిన వారం నేను ఈ పేజీలు చదవకుండా క్లాసుకొచ్చాను. చదవకుండానే మిమ్మల్ని పక్షాలుగా చీల్చాను."

పిల్లలు తలలు దించుకున్నారు. అంతలో తలుపు తెరుచుకుంది. వెర్నా. కిటికీ దగ్గరికి వెళ్ళలేదు, గుమ్మం పక్క బల్ల దగ్గరే కూర్చుంది. పార్కా విప్పలేదు. లియోనాకి ఊపిరి ఆడింది, కానీ మొహంలోకి చూసే ధైర్యం రాలేదు.

టైలర్ లేచి పైకి చదివాడు. వెర్నా తల్లి మాటలు: "నీళ్ళొస్తాయని చెప్పారు. ఎంతవరకు వస్తాయో చెప్పలేదు. గుమ్మానికి కర్ర ఆనించి మేమే కొలుచుకున్నాం. సంతకం పెడతావా అని ఎన్నోసార్లు అడిగారు. నేను పెట్టాను. అప్పట్నించీ వాళ్ళు ఇంకొకటి కూడా అడుగుతారేమోనని చూస్తూనే ఉన్నాను."

బోర్డు మీద ఒకే ఒక ప్రశ్న ఉంది: ఆవిడ ఎదురుచూసిన ప్రశ్న ఏమిటి?

"మేం ఏ పక్షమండీ?" అడిగింది కిటికీ వైపు అమ్మాయి, అలవాటుగా.

"ఇవాళ పక్షాల్లేవు."

పిల్లలు ఆలోచించారు. ఎంత పరిహారం కావాలి అనా? ఎక్కడికి వెళ్తారు అనా? సమాధులు ఎక్కడున్నాయి అనా? ఒక్కొక్కరూ పేజీ తిరగేసి, చూపించి మరీ మాట్లాడారు. ఇంత మంచి గంట లియోనా నడిపి చాలా ఏళ్ళయింది. అది తెలుస్తూనే ఉంది, తెలుస్తున్నకొద్దీ సిగ్గేసింది. చివరికి అందరూ వెర్నా వైపు తిరిగారు.

"నేను పోయిన వారమే మాట్లాడేశాను," అంది వెర్నా. తర్వాత బోర్డు మీది ప్రశ్న వైపు చూస్తూ: "ఎందుకు అని. మా అమ్మ 'వద్దు' అన్నప్పుడల్లా ఆ మనిషి 'సరే, మంచిది' అని రాసుకునేవాడు. ఎందుకు వద్దు అని ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే చెప్పేది. అడుగుతారేమోనని కాసేపు నిలబడేది కూడా."

లియోనా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. సెప్టెంబరు నెల వరండా, తాళాలు, "మంచిది, మంచిది" అన్న తన గొంతు గుర్తుకొచ్చాయి.

గంట అయిపోయింది. పిల్లలు వెళ్ళారు. వెర్నా తన పుస్తకం తీసుకుని సంచీలో పెట్టుకుంటోంది.

"వెర్నా, ఈ అధ్యాయం కోసమే చేరానన్నారు," అంది లియోనా.  "ఎందుకు?"

 వెర్నా పార్కా జిప్పు కిందికి లాగి, మళ్ళీ కూర్చుంది.