ఇద్దరం తూర్పునే ఎట్లుంటం

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పిల్లల్ని ఒకే కీటాలో, అంటే డేకేర్‌లో, దింపుతూ ఆపా, నేను స్నేహితులమయ్యాం. ఆమెది హైదరాబాద్ పాతబస్తీ, నాకంటే పెద్దది కాబట్టి ఆపా అంటాను. నిరుడు సంగారెడ్డి వైపు నలభై ఒకటో నంబరు ప్లాటు కొన్నది. దాన్ని ఆనుకున్న నలభై రెండు అమ్మకానికొచ్చిందని ఆమే నాకు చెప్పింది. ఇక్కడ పక్క వీధిలో ఉన్నట్టే అక్కడా పక్కనుందామని మేం దాన్ని తీసుకున్నాం. మా తరఫున సంతకం పెట్టడానికి అక్కడే ఉండే మా అక్కకు పవరాఫ్ అటార్నీ పంపాం.

రిజిస్ట్రేషన్‌కు ముందు శనివారం అక్క దస్తావేజు డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపింది. పేర్లు, సర్వే నంబరు, నూట ఎనభై గజాలు అన్నీ సరిపోయాయి. ప్రింటు తీసుకుని సంబరంగా ఆపా ఇంటికి వెళ్లాను.

ఆపా తెలుగు కూడబలుక్కుంటూ చదువుతుంది. హద్దుల దగ్గరికొచ్చి ఆగిపోయి, లోపలి నుంచి తన దస్తావేజు తెచ్చి పక్కన పెట్టింది.

"నా కాగితంల నాకు తూర్పున నువ్వున్నవ్. నీ కాగితంల నీకు తూర్పున నేనున్న. ఇద్దరం తూర్పునే ఎట్లుంటం?"

ఆమె కాగితమే తప్పన్నాను. డ్రాఫ్టుతో వచ్చిన లేఅవుట్ ప్లాను తీసి, నలభై ఒకటి నా ప్లాటుకు కుడివైపు ఉందని చూపించాను. ఆపా మూలనున్న ఉత్తరం బాణం మీద వేలు పెట్టింది. అది కిందికి చూస్తోంది. కాగితం తిప్పాం. రోడ్డు పైకొచ్చింది, ఆమె ప్లాటు నాకు ఎడమకు, అంటే పడమరకు వెళ్లింది. రోడ్డు ఉత్తరమని డ్రాఫ్టు రాసిన డాక్యుమెంట్ రైటర్‌కు తెలుసు, తూర్పు పడమరలు మాత్రం నాలాగే కాగితం మీది కుడి ఎడమలు చూసి రాసేశాడు.

ఇక కొలతలూ చూశాం. రోడ్డు వెంబడి వెడల్పు ముప్పై అడుగులు, లోపలికి యాభై నాలుగు. అంటే ఉత్తరం, దక్షిణం వైపులు ముప్పై ఉండాలి. డ్రాఫ్టులో తూర్పు, పడమరలకు ముప్పై వేసి ఉంది. ఎటు హెచ్చించినా అవే గజాలు కాబట్టి నా కంటికి ఆనలేదు.

వెంటనే అక్కకు ఫోన్ చేసి, ఆపా దస్తావేజు ఫొటో కూడా పంపాను. గజాలు సరిగ్గా ఉంటే నష్టమేముందని రైటర్ మొదట తేలిగ్గా తీసుకున్నాడట. అక్క రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టేసరికి నవ్వేసి, మార్చి పంపాడు. ఈసారి నేనూ ఆపా చెరో కాగితం పట్టుకుని పైకి చదివాం. తను "తూర్పు, నలభై రెండు" అంటే నేను "పడమర, నలభై ఒకటి" అన్నాను.

సోమవారం రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ సాయంత్రం పిల్లల్ని తీసుకుని ఇళ్లకు వస్తుంటే, మా మధ్య గోడ ఎంత ఎత్తు కట్టాలన్నదే మాట. నేను ఆరడుగులన్నాను.

"అంత ఎందుకు? నిలబడి మాట్లాడుకుంటే మొహాలు కనబడాలె," అంది ఆపా.