తెలియాల్సినవాళ్లు

భద్రాచలం దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఓ మిషన్ బడి హాస్టల్లో అంతోనమ్మ పంతొమ్మిదేళ్లుగా వార్డెన్. పిల్లల జ్వరాలు, పేలు, దుప్పట్లు, సెలవు చీటీలు ఆమె పని. రెండేళ్ల కింద ఇంకోటి చేరింది. ఆమె, హెడ్మాస్టరు జయరాజ్ జిల్లా కేంద్రంలో శిక్షణకు వెళ్లొచ్చి, వేసవి సెలవుల్లో కూర్చుని బడికి బాలల రక్షణ విధానం రాశారు. మూడు పేజీలు. బాధ్యురాలిగా ఆమె పేరు పెట్టారు. ప్రతి జూన్‌లో వంటవాళ్లు, వాచ్‌మెన్‌తో సహా అందరికీ జయరాజే శిక్షణ ఇచ్చేవాడు. "పిల్ల చెప్తుంటే వినుర్రి. గుచ్చి గుచ్చి అడగొద్దు. ఎవ్వరికీ చెప్పనని మాటియ్యొద్దు, తెలియాల్సినోళ్లకే చెప్తనని చెప్పాలె" అని బోర్డు మీద రాసి మరీ చెప్పేవాడు.

కిందటి ఆగస్టులో ఓ సోమవారం ఏడో తరగతి పూలి స్నానాల గది దగ్గర ఆమె కొంగు పట్టుకుంది. సెలవులకు ఇంటికెళ్లిన పిల్లలను తండా నుంచి హాస్టల్‌కు తెచ్చే ఆటో డ్రైవరు ఏం చేస్తున్నాడో చెప్పింది.

"ఎవరికీ చెప్పొద్దమ్మా."

"గా మాట ఇయ్యలేను బిడ్డా. తెలియాల్సినోళ్లకే చెప్తా. ఎవరికి చెప్పేది నీకు ముందే చెప్తా."

పూలి మాటలను పూలి చెప్పినట్టే కాగితం మీద పెట్టి తేదీ, సమయం వేసింది. జయరాజ్‌కు చెప్పింది. బడిలో విచారణలు పెట్టకుండా అప్పుడే పోలీసులకు ఫోన్ చేసింది. యూనిఫాం లేకుండా వచ్చిన మహిళా ఎస్సై పూలి కూర్చుంటానన్న చోటే, హాస్టల్ వెనక అరుగు మీద కూర్చుని వాంగ్మూలం రాసుకుంది. మర్నాటికి బాలల సంక్షేమ సమితికి సమాచారం వెళ్లింది, డ్రైవరును పట్టుకున్నారు. కాగితాలు బీరువాలో పెట్టి అంతోనమ్మ తాళం చెవిని మెడలో వేసుకుంది.

పూలి తండ్రి దస్రుకు కబురు చేసి తనే చెప్పింది. అతను ఒక్కటే అడిగాడు. "తండాల తెలిస్తే పిల్ల బతుకు ఆగమైతది. తెల్వనియ్యకమ్మా."

"మా దిక్కు నుంచి తెల్వదు అన్నా."

బుధవారాలు మొదటి గంటకు ముందు సిబ్బంది ప్రార్థన ఉంటుంది. ఒకరి మోకాళ్ల నొప్పి, ఇంకొకరి బదిలీ, ఎవరి భారం వారు చెప్పుకుంటారు. ఆ బుధవారం జయరాజ్ కళ్లు మూసుకుని, ఫలానా తండా నుంచి వచ్చే ఏడో తరగతి ఆడపిల్ల కోసం, ఆటోలో ఆ పిల్ల పడ్డ బాధ కోసం ప్రార్థించమని అడిగాడు. వంట చేసే పుష్ప ఏడ్చింది. అంతోనమ్మ కళ్లు తెరిచింది. మిగతావాళ్లు ఆమెన్ అన్నారు.

ఆ తండా నుంచి ఏడో తరగతిలో ఒక్కతే ఉంది.

పుష్ప చెడ్డది కాదు. జాలిపడి చెల్లెలికి చెప్పింది. చెల్లెలిని ఇచ్చింది ఆ తండా పక్క ఊరికే. శుక్రవారం దస్రు వచ్చి పూలి రేకు పెట్టె తీశాడు. అంతోనమ్మ అడ్డం పోలేదు. ఏమని అడ్డం పోతుంది?

"సంతల అడుగుతున్నరు, బడి ప్రార్థనల చెప్పిన గా పిల్ల నీ పిల్లేనా అని" అన్నాడు దస్రు. అరవలేదు.

పూలి గేటు దగ్గర ఆగింది.

"తెలియాల్సినోళ్లకే అన్నవ్. ప్రార్థన చేసేటోళ్లందరికీ తెలియాల్నా?"

తను చెప్పలేదని అంతోనమ్మ అనొచ్చు. అనలేదు. ఆ పిల్లకు మాట ఇచ్చింది తను, జయరాజ్ కాదు.

సాయంత్రం హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

"పేరు చెప్పలే కదమ్మా" అన్నాడు జయరాజ్.

"ఆ తండా నుంచి ఏడో తరగతిల ఎంతమంది సార్?"

అతను పెన్ను మూత తిప్పాడు. "ప్రార్థన అడుగుడు తప్పా?"

"దేవునికి తండా పేరు చెప్పాల్నా సార్? ఆయనకు తెల్వదా?"

అప్పటికే రాసిన కాగితం బల్ల మీద పెట్టింది. గోప్యత ఉల్లంఘన, తేదీ, ఎవరి ద్వారా, ఎవరెవరు విన్నారు. ఇంకో ప్రతి యాజమాన్య కమిటీకి, మరొకటి సంక్షేమ సమితికి.

"నా మీద నువ్వే రాస్తవా అంతోనమ్మా? ఈ కొలువు ఇప్పిచ్చింది నేను."

"అవ్ సార్. గిట్ల రాయాలని రాసింది గూడ మీరే. మూడో పేజీ."

కమిటీ జయరాజ్‌ను విచారణకు పిలిచింది. సమితి పూలికి వేరే మండలంలో హాస్టల్ చూపింది. ఎక్కడన్నది అంతోనమ్మకు చెప్పలేదు. అడిగే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు.

ఈ జూన్‌లో శిక్షణ అంతోనమ్మే ఇచ్చింది. గోప్యత దగ్గరకు వచ్చినప్పుడు కొత్త టీచరు స్తుతి చెయ్యెత్తింది.

"ఒక ఉదాహరణ చెప్పండమ్మా."

గది వెనక పుష్ప తల వంచుకుంది. అంతోనమ్మ సుద్దముక్క కింద పెట్టింది.

"చెప్పను" అంది. తర్వాతి పేజీ తిప్పింది.