తప్పని కొట్టేసిన మాత్రిక

ఈ సంగతి ఎంతమందికి చెప్పినా ఎవరూ వినలేదు. ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసిచ్చినా జవాబు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేవాణ్ణి. మాది దుమ్ముగూడెం అవతల అడవి పల్లె. ఫీజు లేకుండా సీటిచ్చారు కానీ, ఆదివారం పరీక్షల్లో మార్కులు తగ్గి మొదటి సెక్షన్ నుంచి దిగితే ఆ సీటు పోతుంది. సోమవారం సెక్షన్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టేవారు.

ఆ సోమవారం నా పేరు మొదటి సెక్షన్‌లో లేదు. ఒక్క మాత్రికల లెక్క నన్ను దించింది. AX = B అయితే X ఎంత? A మొదటి వరుస 1, 2. రెండోది 0, 1. B మొదటి వరుస 3, 0; రెండోది 1, 1. A విలోమాన్ని, అంటే ఇన్వర్స్‌ను, B కి ఎడమవైపు పెట్టి గుణించాను. X మొదటి వరుస 1, –2; రెండోది 1, 1 వచ్చింది. లెక్కల సారు రాసిన జవాబుల కీలో మాత్రం మొదటి వరుస 3, –6; రెండోది 1, –1 అని ఉంది. ఆయన B ని ముందు పెట్టి, విలోమాన్ని తర్వాత పెట్టారు. దిద్దేవాళ్లు చివరి జవాబునే కీతో పోల్చి కొట్టేశారు. అక్కడ పద్ధతే అంత.

స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాను. చేతిలో దిద్దిన పేపరు ఉంది.

"ఏంది రా?" అన్నారు లెక్కల సారు.

"విలోమం ఎడమ దిక్కు ఉండాలె సార్. కీల కుడి దిక్కు పెట్టిండ్రు."

"ఏ దిక్కు పెడితే ఏంది? రెండు మూళ్లు ఆరే, మూడు రెళ్లు ఆరే."

"మాత్రికలకు గట్ల కాదు సార్. A ని కీల ఉన్న X తోని గుణిస్తే మొదటి గడిల అయిదు వస్తది. B ల మూడుంది."

పక్క కుర్చీలోని ఫిజిక్స్ సారు నవ్వారు. "అడవిల నుంచి వచ్చి నీకే క్లాసు చెప్తుండు గదనే."

లెక్కల సారు ముఖం మారింది. "జల్దీ పో. లేకుంటే మీ నాయినను పిలిపిస్త."

నాన్న బీడీలకు తునికాకు కోసే పని వదులుకుని వచ్చి, తప్పు నాదే అనుకుంటాడేమోనన్న భయం. పేపరు మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాను.

గురువారం లెక్కల సారే, నేను దిగిన సెక్షన్‌కు వచ్చి, బోర్డు మీద AB ఒకసారి, BA ఒకసారి గుణించి చూపించారు. "రెండూ ఒకటే అనుకోకుండ్రి," అన్నారు. నావైపు చూడలేదు. నా మార్కు మారలేదు.

చివరికి, సెక్షన్ దిగాను కాబట్టి సీటు పోయిందని, నాన్నను పిలిపించనే పిలిపించారు. ఆయన నా ట్రంకుపెట్టె భుజాన పెట్టుకున్నాడు. భద్రాచలం బస్సులో అడిగాడు: "లెక్క తప్పినవా బిడ్డా?"

"తప్పలే నాయినా."

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సారూ, మీరు ఇంకా ఖమ్మంలోనే ఉన్నారని తెలుసు. ఆ X మొదటి గడిలో ఉండాల్సింది ఒకటా, మూడా? మా నాన్న ఎదుట చెప్పండి.