హైదరాబాద్ రేవు నుంచి మొంబాసాకు తువ్వాళ్లు

మొంబాసా నుంచి వచ్చిన మొదటి డ్రాఫ్టు చదివి నేను నవ్వలేదు. నవ్వాల్సిందే, కానీ చిరాకు ముందొచ్చేసింది. ఓడలో సరుకు ఎక్కించే రేవు అన్న చోట ‘హైదరాబాద్’ అని ఉంది.

మాది అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో చిన్న ఎగుమతి ఆఫీసు. కింద మైకులో పాఠం, పైన మేము. యజమానిది తెలంగాణలో నేతపని చేసే కుటుంబం. ఎగుమతి కాగితాలు చూసేది నేను. నన్ను అక్కా అంటారు, నేను సార్ అంటాను. మొంబాసాలో అతిథి గృహాలు నడిపే ఒక పెద్దాయన మా దగ్గర తువ్వాళ్లు అడిగారు. ఆయన అడిగిన రంగుల అంచుతో, ఆయన గృహాల గుర్తుతో. లెటర్ ఆఫ్ క్రెడిట్ రాకముందే మా సార్ నేయించేశారు. ఆ గుర్తున్న తువ్వాలు ఇంకెవరు కొంటారు? బేళ్లన్నీ సనత్‌నగర్ గోదాములో కూర్చున్నాయి.

లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే కొనేవారి బ్యాంకు మనకిచ్చే మాట. ఫలానా కాగితాలు ఫలానా విధంగా ఉంటే డబ్బిస్తానంటుంది. ఒక్కటి తేడా వచ్చినా ఇవ్వననొచ్చు. అందుకే బ్యాంకుకి ఇచ్చేముందు ఆ లెటర్ చిత్తు డ్రాఫ్టు నాకు చూపించమని పెద్దాయనతో అన్నాను.

“హైదరాబాద్‌కి సముద్రం లేదండీ” అని ఫోన్లో చెప్పాను. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే అయినా నా చెవిలో ఆయన మాటలు తెలుగులోనే మిగిలాయి.

“మరి మీ కొటేషన్‌లో హైదరాబాద్ నుంచి అని ఉంది కదా మేడం?”

ఉంది. తప్పూ కాదు. సనత్‌నగర్ కంటైనర్ డిపోలో కస్టమ్స్ వాళ్లు చూసి సీలు వేస్తారు. అక్కడితో మా ఆఫీసులో అందరికీ సరుకు వెళ్లిపోయినట్టే, మిఠాయి కూడా పంచుకుంటారు. ఆ తర్వాత కంటైనర్ డబ్బా రైలెక్కి ముంబై దగ్గర నవాషేవా రేవుకి పోతుంది. సరుకు ఎక్కినట్టు ఓడ కంపెనీ ఇచ్చే రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఓడ ఎక్కిన రేవే ఉంటుంది. మీరు హైదరాబాద్ అని రాస్తే ఏ కంపెనీ కూడా అలాంటి బిల్లు ఇవ్వదు అని ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

ఆయన “అర్థమైంది” అన్నారు. రెండో డ్రాఫ్టులో రేవు నవాషేవా అని వచ్చింది. హమ్మయ్య అనుకుని, ఎందుకైనా మంచిదని పంజాగుట్టలో ఉండే మా షిప్పింగ్ ఏజెంటుకి ఫోన్ చేశాను.

“నవాషేవాకే పోతదని నేనెట్ల చెప్తా మేడం? ఓడల జాగ లేకుంటే ముంద్రా రేవుకు పంపిస్తరు. గా ఫికర్ మీకెందుకు?” అన్నాడు.

నాకే కదా ఫికర్! మళ్లీ మొంబాసాకి ఫోన్. ఓడ కంపెనీ సరుకు తీసుకునే చోటు హైదరాబాద్ డిపో అని రాయండి, ఎక్కించే రేవు మాత్రం భారతదేశంలో ఏ రేవైనా అని రాయండి అన్నాను. షిప్మెంట్ ఆఖరి తేదీ కూడా కాస్త పొడిగించమన్నాను. సీలు వేసిన రోజు లెక్కలోకి రాదు, ఓడ ఎక్కిన రోజే వస్తుంది.

ఆయన నా మాటలన్నీ వరసపెట్టి నాకే అప్పజెప్పారు. “మొదట హైదరాబాద్ కాదన్నారు. ఇప్పుడు హైదరాబాద్ రాయమంటున్నారు. ఏ రేవైనా అంటున్నారు. మీ సరుకు ఎక్కడుంది మేడం?” అన్నారు.

ఆ మాటకి నా బుర్ర తిరిగిపోయింది. ఆయన వైపు నుంచి చూస్తే నేను దొంగలాగే ఉన్నాను. కింద మైకులో ఎవరో అర్థమైందా, అర్థమైందా అని అడుగుతున్నారు. నాకే అర్థం కావడం లేదు.

మూడో డ్రాఫ్టులో ఆయన అనుమానమంతా కాగితం మీదికి దిగింది. తువ్వాళ్లు మెత్తగా ఉండాలి, చర్మానికి గుచ్చుకోకూడదు, ఉతికితే రంగు పోకూడదు. లెటర్‌లో ఎంత ఎక్కువ రాస్తే అంత భద్రం అనుకున్నారు పాపం.

“బ్యాంకు డబ్బా తెరవదండీ, కాగితాలే చూస్తుంది. ఎవరిచ్చిన ఏ కాగితం చూపించాలో చెప్పకుండా మెత్తగా ఉండాలని రాస్తే, ఆ మాటని బ్యాంకు పట్టించుకోదు” అన్నాను.

“అంటే మీరు తువ్వాళ్లకి బదులు రాళ్లు పంపి, కాగితాలు సరిగ్గా పెడితే నా బ్యాంకు డబ్బిచ్చేస్తుందా?”

ఎదురుగా సార్ చెయ్యి ఊపుతున్నారు, వద్దు వద్దని. అబద్ధం చెప్పాలని నాకూ అనిపించింది. ఒక్క మాటతో అయిపోయేది.

“ఇచ్చేస్తుందండీ. మోసమని మీరు ముందే కోర్టుకెళ్లి ఆపించుకుంటే తప్ప” అన్నాను. “అందుకే ఇద్దరికీ సంబంధం లేని తనిఖీ సంస్థ పేరు లెటర్‌లో రాయండి. వాళ్ల సర్టిఫికెట్ లేకపోతే మాకు డబ్బు రాదు.”

ఫోన్ పెట్టగానే సార్ విరుచుకుపడ్డారు. “మంచిగ చెప్పినవక్కా! మనం రాళ్లు పంపుతమా? ఇగ గాయన లెటరే ఇయ్యడు. గుర్తేసిన తువ్వాళ్లు నేనేం జెయ్యాలె, ఇంట్ల ఆరేసుకోవాల్నా?”

“మరేం చెప్పమంటారు సార్?”

“ఏం చెప్పకుంటె అయిపోతుండె!”

నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. నిజం చెప్పి మొంబాసా ఆయన్ని ఒడ్డున పడేశానా, మా సార్‌ని ముంచానా అని ఎటూ తేలలేదు. మొంబాసా నుంచి ఉలుకూ పలుకూ లేదు.

నాలుగో డ్రాఫ్టు వచ్చినప్పుడు ఒక్కో గడి వేలు పెట్టి చదివాను. హైదరాబాద్ డిపో, భారతదేశంలో ఏ రేవైనా, సరుకు వివరం ఒక్క ముక్కలో, తనిఖీ సంస్థ పేరు, సర్టిఫికెట్‌లో సంఖ్య, కొలత, రంగు పరీక్ష. అన్నీ మేము చూపించగలిగినవే. మెత్తదనం ఊసు మాత్రం లేదు. కింద ఆయన రాసిన వాక్యం ఉంది:

“మెత్తగా ఉందో లేదో కొలిచే పద్ధతి తమ దగ్గర లేదని తనిఖీ సంస్థ చెప్పింది. కాబట్టి ఆ మాట తీసేశాను మేడం. అది మీ మీద వదిలేస్తున్నాను.”

సార్‌కి చదివి వినిపించాను. నేను లెటర్ ఖాయమైన సంతోషంలో ఏజెంటుకి ఫోన్ కలుపుతున్నాను, రైలు ఎప్పుడుందో కనుక్కోవాలని. సార్ నమూనా తువ్వాలు తీసి చెంపకి రాసుకున్నారు. మళ్లీ రాసుకున్నారు. నాకూ ఇచ్చారు.

“ఎట్లుందక్కా?”

“బాగానే ఉంది సార్.”

“బాగానే అంటే?”

ఏ సర్టిఫికెట్టుకైనా సరిపోయే తువ్వాలే అది.

సార్ సనత్‌నగర్ గోదాముకి ఫోన్ చేశారు. “బేళ్లు ఇప్పుండ్రి. మొత్తం ఇంకోసారి ఉతకాలె. జర మెత్తగ రావాలె.”

“సార్, ఆఖరి తేదీ! ఓడ తప్పితే మొత్తం పోతుంది. ఆ మెత్తదనం మాట ఏ కాగితంలోనూ లేదు కదా” అన్నాను.

“లేదు కద, గందుకే” అన్నారాయన.