మూతపడిన కంపెనీలో నా చివరి రోజు

కంపెనీ మూతపడిందన్న చిన్న ముక్క సరిగ్గా చెప్పలేకపోయినందుకు, చేతికొచ్చిన కొత్త ఉద్యోగం కాస్తా పోయేంత పనైంది నాకు. తప్పు నాదే అనుకోండి. రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగిన నా తెలుగులో సగం హిందీయే, అందులో ఏ సగం ఏ భాషో నాకే తెలియదు.

ఊరి బయట సిల్తరాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ అది. పన్నెండేళ్లు అక్కడి లాబ్‌లో బొగ్గు, ఇనుప ఖనిజం శాంపిళ్లు పరీక్షించాను. ఆ ఉద్యోగం పోయాక ఎనిమిది నెలలు ఊళ్లో మోవాలోని ఇంట్లో నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపాం. అప్పుడు బొగ్గు పరీక్షలు చేసే ఒక కంపెనీ తన రాయ్‌పూర్ లాబ్‌కి నన్ను ఎంపిక చేసింది. ఒకటో తారీఖున చేరాలి. అయితే ఆఫర్ లెటర్ చివర ఒక మెలిక ఉంది. పాత ఉద్యోగం వివరాలు నిజమని వెరిఫికేషన్‌లో తేలాలి, తేలకపోతే ఆఫర్ రద్దు.

హైదరాబాద్ నుంచి వాళ్ల హెచ్చార్ అమ్మాయి ఫోన్ చేసింది. ఊరు విజయవాడట. నా ఇంటిపేరు చూసి తెలుగులోకి దిగింది. నాకు సంబరమేసింది.

"మీ పాత కంపెనీకి మా ఏజెన్సీవాళ్లు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తట్లేదండి."

"కంపెనీ బంద్ అయిపోయింది మేడమ్."

"అయ్యో! బందా? రేపు తీస్తారా అండి?"

"లేదండీ. ఎప్పటికీ బంద్."

"ఓహో, నిరవధిక బందా?"

నిరవధిక అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియలేదు. గట్టి మాటలా వినిపించింది కదా అని అవునన్నాను. మూడు రోజుల తర్వాత వచ్చిన వెరిఫికేషన్ రిపోర్టులో, ఉద్యోగుల సమ్మె వల్ల కంపెనీ పనిచేయడం లేదనీ, సమ్మె విరమించాక మళ్లీ ప్రయత్నిస్తామనీ ఉంది. సమ్మె ఏమిటి, ఎవరు చేశారు? మా ఫ్యాక్టరీలో ఎవరైనా గొంతెత్తడం పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా నేను వినలేదు.

అమ్మకి చదివి వినిపించాను. మా తాత రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు. అమ్మ నోటి నుంచి ఆ జిల్లా ఇప్పటికీ కదల్లేదు.

"బంద్ అంటే ఆల్ల కాడ కొట్లు మూసి జెండాలొట్టుకు తిరగడమే. మూసీసినారని సెప్పాల," అంది. "అయినా పన్నెండేళ్లు పొద్దున్నే బస్సెక్కి ఎల్లినావు. నేను సాచ్చీకం సెప్తాను, ఆ పిల్లకి ఫోను సేయ్."

అమ్మ సాక్ష్యం చెల్లదని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆ కోపం సాయంత్రం దాకా చారులో ఉప్పుగా కనిపించింది.

నేను మళ్లీ ఫోన్ చేసి "మూసేశారండీ, పూర్తిగా" అన్నాను. ఆ అమ్మాయి కాసేపు నవ్వాపుకోలేకపోయింది. తర్వాత పాపం తన తప్పూ ఉందని ఒప్పుకుంది. కానీ మూతపడింది కదా అని వదిలేయడానికి వీల్లేదంది. ఏజెన్సీ పంపిన ఈమెయిల్ తిరిగొచ్చింది. వాళ్ల మనిషి సిల్తరా దాకా వెళ్తే గేటుకి బ్యాంకు నోటీసు అంటించి ఉంది. లోపల బ్యాంకు పెట్టిన కాపలాదారు నా పేరు ఎప్పుడూ వినలేదన్నాడు. అతనికెలా తెలుస్తుంది, నేను పోయాక వచ్చినవాడు! అయినా "ఆ పేరుతో ఎవరూ తెలియదు" అన్న మాట కాగితం మీద రెండుసార్లు చదువుకున్నాను. నిజంగానే నేను అక్కడ పనిచేశానా అని ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది.

"కంపెనీ లేకపోయినా ఆధారాలుంటాయండి," అంటూ ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం పదహారు, పీఎఫ్ వెబ్‌సైట్‌లో సర్వీస్ హిస్టరీ. వాటితోపాటు అక్కడ పనిచేసిన మేనేజరో హెచ్చారో ఒకరు ఫోన్‌లో మాట్లాడాలి, ఆయన అక్కడివాడేనని రుజువూ ఇవ్వాలి. నేనైతే ఉత్సాహం ఆపుకోలేక నా పేరున్న హెల్మెట్ ఫొటో, ఫ్యాక్టరీలో విశ్వకర్మ పూజ నాటి గ్రూపు ఫొటో కూడా పంపాను. ఆమె వాటికి ఒక దండం బొమ్మ పెట్టింది.

కాగితాలన్నీ దొరికాయి. అసలు చిక్కు పీఎఫ్ దగ్గర వచ్చింది. వెబ్‌సైట్‌లో నా సర్వీస్ హిస్టరీ తెరిస్తే, చేరిన తేదీ ఉంది, వదిలేసిన తేదీ గడి ఖాళీగా ఉంది. అది కంపెనీ నింపాల్సింది. నింపేవాళ్లే లేరు. అంటే ప్రభుత్వం దృష్టిలో నేనింకా అక్కడే, ఆ తాళం వేసిన గేటు వెనకాల, శాంపిళ్లు పరీక్షిస్తున్నాను.

"ఇలా ఉంటే ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు కనిపిస్తుందండి," అంది ఆమె. "కంపెనీ చివరిసారి పీఎఫ్ కట్టి రెండు నెలలు దాటితే ఆ తేదీ మీరే నింపుకోవచ్చు. ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. కాకపోతే, చివరి పీఎఫ్ ఏ నెలకి పడిందో ఆ నెలలోని తేదీయే తీసుకుంటుంది. ఒకసారి వేశాక మార్చడం కష్టం, జాగ్రత్త."

చివరి పీఎఫ్ మార్చి నెలకి పడింది. నా దరఖాస్తులో నేను జూన్ అని రాశాను. రాసేటప్పుడు అందులో తప్పేమీ కనిపించలేదు.

జరిగింది ఇదీ. మార్చి ఆఖర్లో కొలిమి ఆపేశారు, రిపేర్లన్నారు. ఏప్రిల్‌లో కాంట్రాక్టు కూలీలు కనిపించలేదు. ఆ నెల నుంచి జీతమూ లేదు. అయినా మేం పదిహేను మందిమి రోజూ వెళ్లాం. లాబ్‌కి ఒక్క శాంపిల్ రాలేదు. కడిగిన బీకర్లే మళ్లీ కడిగాను, తూకం యంత్రానికి గుడ్డ కప్పాను, తీశాను. ఎవరూ మానేయమనలేదు, మేమూ అడగలేదు. జూన్‌లో ఒక పొద్దున మోవా స్టాపుకి కంపెనీ బస్సు రాలేదు. గంట నిలబడి ఇంటికొచ్చేశాను. మర్నాడూ నిలబడ్డాను. మూడో రోజు వెళ్లలేదు.

మరి నా చివరి రోజు ఏది? పనున్న ఆఖరి రోజా? గేటు దాటిన ఆఖరి రోజా? బస్సు రాని రోజా, నేను వెళ్లని రోజా? కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు తేదీలూ కాగితం మీద రాసి చూశాను. మార్చి అని వేస్తే దరఖాస్తులో నేను అబద్ధం రాసినట్టు. వేయకపోతే రెండు ఉద్యోగాల మనిషిని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వీటికి తోడు ఇంకో బాధ ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. మార్చి అని వేస్తే ఆ రెండున్నర నెలలు నేను ఎవరికి పనిచేసినట్టు?

చివరికి ఆ అమ్మాయినే అడిగాను. "ఉన్నది ఉన్నట్టు ఈమెయిల్‌లో రాయండి," అంది. "రికార్డు ప్రకారం మార్చి ముప్పై ఒకటి, వెళ్లింది జూన్ దాకా అని. దరఖాస్తులో తేదీ దిద్దుతాం. దాచితే తంటా గానీ చెబితే కాదండి." అప్పుడు మార్చి ముప్పై ఒకటి వేశాను. ఓటీపీ వచ్చింది, ఆరు అంకెలు కొట్టాను. పన్నెండేళ్ల ఉద్యోగం నుంచి నన్ను నేనే పంపించేసుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఇక మిగిలింది మాట్లాడే మనిషి. మా లాబ్ పెద్దాయన ఒడిశా వెళ్లిపోయి నంబరు మార్చేశాడు. మా హెచ్చారాయన మాత్రం ఊళ్లోనే ఉన్నాడని విన్నాను. బిలాస్‌పూర్ వైపు మనిషి, మితభాషి. ఫ్యాక్టరీలో ఎవరి సర్టిఫికెట్టయినా ఆయన సంతకంతోనే వచ్చేది. పండరీ బజార్లో తన బావమరిది హోల్‌సేల్ బట్టల కొట్లో దొరికాడు. చెప్పుల్లేకుండా తెల్ల పరుపు మీద కూర్చుని డ్రస్ మెటీరియల్ కట్టలు విప్పి చూపిస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి, చొక్కా సర్దుకున్నాడు. అలా సర్దుకోకుండా ఉంటే బాగుండేది, ఇద్దరికీ సిగ్గేసింది.

విషయం చెప్పాను, హిందీలోనే. అంతా విని, "మాట్లాడతాను మేడమ్‌జీ, నా పాత ఐడీ కార్డు కూడా పంపిస్తాను," అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఏజెన్సీ ఫోన్ వచ్చే వేళకి నన్నూ రమ్మన్నాడు, తేదీలు తడబడితే అందించడానికని.

ఫోన్ మోగి స్పీకర్ నొక్కగానే ఆయన గొంతు మారిపోయింది. కొట్లో ఉన్నా ఆఫీసు గదిలో ఉన్నట్టే పలికింది. నా హోదా, చేరిన తేదీ, ఎవరి కింద పనిచేశానో, ప్రవర్తన, అన్నీ ఒక్క ముక్క కూడా వెతుక్కోకుండా చెప్పాడు. నన్ను అడగాల్సిన అవసరమే రాలేదు. చివరి పనిదినం ఏదని అడిగారు.

"రికార్డ్ మే ఇకత్తీస్ మార్చ్," అన్నాడు, అంటే రికార్డులో మార్చి ముప్పై ఒకటి. ఆ వెంటనే, "కానీ ఆమె జూన్ దాకా వచ్చింది. నేను చూశాను. నేనూ వచ్చాను," అన్నాడు.

"మళ్లీ అవకాశముంటే ఈమెను ఉద్యోగంలోకి తీసుకుంటారా?" అది వాళ్లు అందర్నీ అడిగే ప్రశ్నేనట. లేని కంపెనీ గురించి ఆ ప్రశ్నేమిటో నాకర్థం కాలేదు. ఆయన మాత్రం, "తప్పకుండా," అన్నాడు.

మర్నాడే ఆ అమ్మాయి ఫోన్ చేసి అంతా తేలిపోయిందని, ఒకటో తారీఖున చేరిపొమ్మని చెప్పింది. మిఠాయి డబ్బా తీసుకుని పండరీ వెళ్లాను. ఆయన ఒక ముక్క తుంచుకుని, డబ్బా మూత జాగ్రత్తగా పెట్టి, నెమ్మదిగా అన్నాడు. భిలాయ్‌లో ఒకచోట ఆయనకీ ఉద్యోగం వచ్చిందట, నాలుగు నెలల క్రితం. కాగితాలన్నీ ఉన్నాయి. ఆయన గురించి చెప్పాల్సిన పైవాడు మా పాత యజమాని ఒక్కడే, అతను ఫోన్ ఎత్తడు. ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది.

"ఊరందరికీ నేనే వెరిఫికేషన్ చేశాను మేడమ్‌జీ," అన్నాడు. "మేరా కౌన్ కరేగా?" నాదెవరు చేస్తారని.

నేను చేస్తానన్నాను. లాబ్‌లో పనిచేసిన మనిషి మాట హెచ్చారు విషయంలో చెల్లదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా నా నంబరు అడిగి తీసుకున్నాడు, బిల్లు పుస్తకం వెనకాల పేరు, హోదా, పూర్తిగా రాసుకున్నాడు.

అప్పటినుంచీ తెలియని నంబరు ఏది మోగినా నేను మొదటి రింగుకే ఎత్తుతున్నాను. ఇప్పటిదాకా అన్నీ లోన్లు ఇస్తామనేవాళ్లవే.