జమ కాని ప్రీమియం

ఆ నోటీసు బుధవారం మధ్యాహ్నం వచ్చింది. మా ఆయన జీవిత బీమా పాలసీకి ఈ ఏడాది ప్రీమియం అందలేదనీ, సోమవారంతో గడువు ముగుస్తుందనీ, ఆలోపు కట్టకపోతే పాలసీ రద్దవుతుందనీ అందులో ఉంది. నేను కట్టి అప్పటికి పది రోజులైంది. మా ఖాతాలోంచి డబ్బు వెళ్ళడం కళ్ళారా చూశాను.

అంతకు ముందు ఏడాదే ఆయనకు గుండెపోటు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, మీటింగులో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారట. స్టెంటు వేశారు. అప్పట్నుంచీ కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, బ్యాంకు పనులు నా చేతికి వచ్చాయి. ఇంటర్నెట్‌లో డబ్బు పంపడం కొత్తగా నేర్చుకున్నాను. పాలసీ ఒకసారి రద్దయితే మళ్ళీ తెరవడానికి ఆరోగ్య పరీక్షలు అడుగుతారు. స్టెంటు వేసిన గుండెను చూసి ఒప్పుకుంటారన్న నమ్మకం నాకు లేదు. ఆయన్ని కంగారు పెట్టొద్దని డాక్టరు చెప్పాడు కదా అని నోటీసును బీరువాలో చీరల కింద పెట్టాను.

గురువారం పొద్దున్నే కార్ఖానా ఏరియాలోని మా బ్యాంకుకు వెళ్ళాను. ఆ బదిలీ వివరాల కాగితం ప్రింటు తీసిచ్చారు. దానిమీద లావాదేవీ నంబరు ఉంది. డబ్బు బీమా కంపెనీ ఖాతాలో పడిందనీ, తిరిగి రాలేదనీ చెప్పారు. అక్కణ్ణుంచి ఆటోలో బేగంపేటలోని బీమా ఆఫీసుకు వెళ్ళాను. కౌంటరులో నడివయసు ఆఫీసరు కంప్యూటరులో చాలాసేపు వెతికాడు.

"మీ పాలసీ మీద ఏం పడలేదమ్మా. పైసలు మా అకౌంటుకు వచ్చినా, ఏ పాలసీదో తెలవకపోతే పక్కన పడి ఉంటయ్. మీరు జెర ఒక లెటర్ రాసియ్యండి. అకౌంట్స్ సెక్షన్‌కి పంపిస్త."

"సోమవారం దాటితే?"

"పరేషాన్ కాకండి. లెటర్ మీద ఇయ్యాల్టి ముద్ర వేసిస్త, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి."

అక్కడే బల్ల మీద రాశాను. పాలసీ నంబరు, పంపిన తేదీ, లావాదేవీ నంబరు, బ్యాంకు కాగితం జతచేసిన సంగతి రాశాను. తర్వాత ఇలా రాశాను: 'ప్రీమియం గడువులోపే మీ ఖాతాకు చేరింది. కనుక పాలసీని రద్దు చేయవద్దనీ, డబ్బు చేరిన తేదీనే చెల్లించిన తేదీగా పరిగణించి, అందినట్టు రసీదు పంపవలసిందనీ కోరుతున్నాను.' 'దయచేసి' అని రెండుసార్లు రాసి, ఒకటి కొట్టేశాను.

శుక్రవారమంతా ఫోను చేతిలోనే ఉంది. కూర మాడింది. మోగినప్పుడల్లా ఎవరో అప్పు కావాలా అని అడిగేవాళ్ళు. నేనే బీమా ఆఫీసుకు రెండుసార్లు చేస్తే, ఇంకా చూస్తున్నారన్నారు. సాయంత్రం ఆయన ఆఫీసునుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే నావైపు చూశారు.

"ఏటే, అలాగున్నావు? ఒంట్లో బాగోలేదా?"

శ్రీకాకుళం వదిలి పదిహేనేళ్ళయినా ఇంట్లో ఆయన మాట మారలేదు. ఇక దాచలేక నోటీసు, లెటరు కాపీ, బ్యాంకు కాగితం తెచ్చి ముందు పెట్టాను. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాను, రంగు మారుతుందేమోనని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పాలసీ బాండు కూడా తెమ్మన్నారు. బ్యాంకు కాగితాన్నీ బాండునూ పక్కపక్కన పెట్టి, వేలితో అంకె అంకె జరుపుతూ వెళ్ళారు. ఒకచోట వేలు ఆగింది.

"ఇదిగో, పంపినప్పుడు నువ్వు కొట్టిన పాలసీ నంబరు సూడు. ఏడూ నాలుగూ తిరగబడిపోనాయి."

నేను డబ్బు, ఖాతా, తేదీ అన్నీ సరిచూశాను. ఆ ఒక్క గడి చూడలేదు. లెటరులో మాత్రం నంబరు సరిగానే రాశాను, బాండు చూసి.

శనివారం బీమా ఆఫీసు ఒంటిపూటే. ఇద్దరం వెళ్ళాం. ఆఫీసరు ఆ తప్పు నంబరు కొట్టి చూసి తల ఊపాడు.

"గా నంబరుతో అసలు పాలసీయే లేదు సార్. అందుకే ఎవరిదో తెలవని పైసల లిస్టుల పడ్డది."

అకౌంట్స్ వాళ్ళు సరిదిద్దేదాకా అరగంట పైన కూర్చున్నాం. చివరికి రసీదు చేతికిచ్చాడు. డబ్బు చేరిన రోజు తేదీయే వేసి ఉంది. పాలసీ అమల్లో ఉన్నట్టు లెటరు కాపీ మీదే రాసి సంతకం చేసి ఇచ్చాడు.

తిరిగి ఆటో ఎక్కాం. ఫ్లైఓవరు దిగాక ఆయన అన్నారు: "నా గుండె గురించి బెంగ పెట్టుకున్నావు, సరే. మూడ్రోజులు నీ గుండె ఏటయిపోనాదో ఆలోసించావా?"

రసీదు మీది పాలసీ నంబరును మళ్ళీ చదువుకుంటూ కూర్చున్నాను.