తెలీదు మేడం, ఆలోచించొచ్చా?

మధురవాడలో మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంటుంది. క్లినిక్కులకీ ల్యాబులకీ ఫోన్లోనే టోకెన్ తీసుకునే యాప్ తయారుచేస్తాం. ఒక వేసవిలో మా టీంలో ఉద్యోగం ఖాళీ అయితే టెక్నికల్ ఇంటర్వ్యూ చెయ్యడానికి ఇద్దరం కూర్చున్నాం. నేనూ, నాకంటే పదేళ్లు చిన్నవాడైన మా సహోద్యోగీ. అతను నన్ను అక్కా అంటాడు. ప్రశ్నల కాగితం నాది. జవాబులు కూడా నేనే పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను.

ఆ రోజు నాలుగో అభ్యర్థిగా వచ్చిన అమ్మాయికి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. ఇంట్లోవాళ్లు సముద్రం మీద వేటకి వెళ్లేవాళ్లని, తాను డిగ్రీ చదివి మద్దిలపాలెంలో ఒక ల్యాబు కౌంటర్లో పేర్లు రాసుకునే పని చేస్తూ, సాయంత్రాలు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నానని ఇంగ్లీషులో చెప్పింది. ఆ ఇంగ్లీషు బాగా బట్టీపట్టినది. ఒక వాక్యం మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుంచి అందుకుంటోంది.

మొదటి రెండు ప్రశ్నలకి బాగానే చెప్పింది. మూడోది మా సహోద్యోగి అడిగాడు. ఒక సాంకేతిక పదానికి నిర్వచనం.

"ఐ డోంట్ నో సర్," అంది.

"కొంచెం ఆలోచించండి."

"పేరు సర్ అది. ఆలోచిస్తే రాదు."

ఇది తెలుగులోనే అనేసింది. అని, తప్పుచేసినట్టు నా వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది. నిజమే, విననే వినని పేరుని ఎంత ఆలోచించినా పుట్టించలేం. నా మొదటి ఇంటర్వ్యూలో నేను అలాంటి పదానికే అయిదు నిమిషాలు ఏదేదో అల్లి చెప్పాను. అడిగినాయన చివరిదాకా మర్యాదగా విని, "అది ఇంకోదమ్మా" అన్నాడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"తెలుగులోనే మాట్లాడండి, ఫరవాలేదు," అన్నాను.

తర్వాతి ప్రశ్న నాది. "ఒకాయన టోకెన్ కోసం బటన్ నొక్కాడు. నెట్ నెమ్మదిగా ఉంది. రాలేదనుకుని మళ్లీ నొక్కాడు. ఒకే మనిషికి రెండు టోకెన్లు పడ్డాయి. ఎలా ఆపుతారు?"

ఆమె బోర్డు వైపు చూసింది. తన చేతుల వైపు చూసుకుంది.

"దీనికి సరైన పద్ధతేటో నాకు తెల్దు మేడం. ఆలోచించొచ్చా? పైకే ఆలోచిస్తాను, తప్పయితే సెప్పండి."

"ఆలోచించండి."

లేచి మార్కర్ అందుకుంది. "మొదట బటన్. ఒకసారి నొక్కీసాక అది పనిచెయ్యకుండా చేసీవచ్చు. కానీ అది సాలదు. నెట్ సరిగ్గా లేకపోతే మనిషి నొక్కకపోయినా యాపే రెండోసారి పంపిస్తాది కదా. అంచేత ఆపాల్సింది అవతల టోకెన్లిచ్చే సర్వర్ దగ్గిర."

"సరే, సర్వర్ ఏం చెయ్యాలి?" అన్నాడు మా వాడు.

"ఒకే ఫోన్ నంబరు నుంచి, ఒకే నిమిషంలో రెండొస్తే రెండోది వద్దనొచ్చు..." అని బోర్డు మీద రాసింది. రాసిన వెంటనే తనే చేత్తో తుడిచేసింది. "కాదు. మా కౌంటర్లో రోజూ సూత్తాను. ఒకమ్మ ఒకే ఫోన్లోంచి ఇద్దరు పిల్లలకీ వెంటవెంటనే తీసుకుంటాది. అవి రెండూ నిజమైనవే. ఇలగైతే రెండో పిల్లకి టోకెన్ రాదు."

ఇంకాసేపు నిలబడింది. ఆలస్యమైతే మా వాడు పెన్ను క్లిక్కుమనిపిస్తాడు, నేను బల్లకింద అతని కాలు తొక్కాను.

"రెండుసార్లు అడగడం వేరు, ఒకే మాట రెండుసార్లు సెప్పడం వేరు," అంది నెమ్మదిగా. "ఆ తేడా సర్వర్‌కి తెల్దు. యాప్‌కే తెలుసు. అంచేత యాప్ పంపకముందే ఆ అడిగినదానికి ఒక నంబరు వెయ్యాలి. మళ్లీ పంపినా అదే నంబరుతో పంపాలి. ఇద్దరు పిల్లలకైతే రెండు నంబర్లు. సర్వర్‌కి అదే నంబరు రెండోసారొస్తే, కొత్త టోకెన్ ఇవ్వకుండా మొదట ఇచ్చిన టోకెనే మళ్లీ సూపించాలి."

నా కాగితం మీద పెన్సిల్‌తో ఉన్న జవాబు అదే. "బాగుంది" అనబోతుంటే ఆమె ఆగలేదు.

"అదే నంబరుతో రెండూ ఒక్కసారే వచ్చీసాయనుకోండి. సర్వర్ వెతికితే రెండింటికీ ఆ నంబరు ఇంకా రాలేదనే కనబడతాది. అంచేత వెతికి రాయడం కాదు. ఒక నంబరు ఒక్కసారే ఉండాలని, ఇవన్నీ దాచే డేటాబేస్‌కే కట్టడి పెట్టాలి. రెండోదాన్ని అదే తిప్పికొడతాది."

"కరెక్ట్," అన్నాడు మా వాడు, ఈసారి ముందుకి వంగి.

"మరి మేడం, నంబరు రాసీసాక, టోకెన్ రాయకముందే సర్వర్ ఆగిపోతే ఏటవుద్ది? మళ్లీ అడిగితే నంబరుంటాది. సూపించడానికి టోకెనుండదు. ఆ మనిషికి ఇంకెప్పటికీ రాదు."

నా పెన్సిల్ జవాబులో ఆ సంగతి లేదు. అంతకంటే పెద్ద సంగతి, మా యాప్‌లో నంబరు ఒకచోట రాసి, ఆ తర్వాత విడిగా టోకెన్ రాస్తున్నాం. ఆ కోడ్ నాదే. "ఎన్నిసార్లు నొక్కినా టోకెన్ రావట్లేదు" అని ఈమధ్య వచ్చిన ఒకటిరెండు ఫిర్యాదులు గుర్తొచ్చాయి. "మంచి ప్రశ్న, తర్వాతిది చూద్దాం" అనేసి దాటెయ్యొచ్చు. బల్లకి ఇవతలివైపు కూర్చున్నవాళ్లకి ఆ సౌకర్యం ఉంటుంది.

"నాను దాని గురించి ఆలోచించలేదమ్మా," అన్నాను. మా గాజువాక భాష ఆఫీసులో నా నోట రాదు. ఆ రోజు వచ్చేసింది. మా వాడు నన్ను కొత్తగా చూశాడు.

నేనూ లేచి బోర్డు దగ్గరికి వెళ్లాను. ముగ్గురం అక్కడే నిలబడ్డాం. "ముందు టోకెన్ రాసి తర్వాత నంబరు రాస్తే?" అన్నాడు మా వాడు. "మధ్యలో ఆగిపోతే, మళ్లీ అడిగినప్పుడు ఈసారి రెండు టోకెన్లు పడతాయి," అన్నాను. ఆమె మార్కర్ మూత తీస్తూ పెడుతూ ఉంది.

"రెండూ ఒకే మూటగా రాస్తే? రాస్తే రెండూ ఉండాలి, ఆగిపోతే రెండూ ఉండకూడదు. డేటాబేస్‌లో అలగ చెయ్యొచ్చని చదివాను. దేనికో అప్పుడు అర్థం కాలేదు."

"దాన్నే ట్రాన్సాక్షన్ అంటారు," అన్నాడు మా వాడు.

"ఆ, పేరు మర్చిపోయాను," అంది ఆమె, కొంచెం సిగ్గుపడి.

ఆమె వెళ్లాక మా వాడు మార్కుల కాగితం ముందు పెట్టుకున్నాడు. "అక్కా, నాలుగుసార్లు తెలీదంది," అన్నాడు. నిజమే, ఆ తర్వాత ఇంకో రెండు ప్రశ్నలకి కూడా తెలీదంది. అందులో ఒకదానికి ఎంత ఆలోచించినా దారి దొరకలేదు, "ఇక్కడితో నాకు అందట్లేదు" అని ఆపేసింది. "తెలీనివి మనం నేర్పొచ్చు. తన జవాబుని తనే తుడుచుకోవడం నేర్పగలమా?" అన్నాను. అతను కాసేపు పెన్ను క్లిక్కుమనిపించి, సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున్న నేను మొదట చేసిన పని నా కోడ్ తెరిచి చూసుకోవడం. ఆ ఫిర్యాదుల్లో ఒకటి ఆమె చెప్పిన తీరులోనే జరిగింది. రెండోదానికి కారణం వేరు.

ఆమె చేరిన కొన్నాళ్లకి భోజనాల దగ్గర అడిగాను, అన్నిసార్లు తెలీదని చెప్పడానికి భయం వెయ్యలేదా అని. ఆమె తెచ్చిన చేపల పులుసు మా వాడు అప్పటికే సగం లాగేసుకున్నాడు.

"ఎందుకెయ్యదు మేడం. కానీ కౌంటర్లో రోజుకి ఇరవైమందికి సెప్పేదాన్ని. రిపోర్టు ఎప్పుడొస్తాదంటే, తెల్దండి, కూర్చోండి, కనుక్కుని సెప్తానని. వస్తాదని అబద్ధం సెప్పిన రోజే తిట్లు పడ్డాయి."

అని, మిగిలిన ముక్క నా పళ్లెంలో వేసి, గిన్నె మా వాడికి అందకుండా అవతలికి జరిపింది.